ముట్టుగుడ్డకు ఎండను ఎవరు నిషేధించారు?

చంద్రపూర్ జిల్లా ఎండ సంగతి తెలుగువాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. మే నెలలో 45 డిగ్రీలు దాటడం ఇక్కడ మామూలే. కోఠారి లాంటి ఊళ్లో పొద్దున పది గంటలకు తడిబట్ట తీగమీద వేస్తే మధ్యాహ్నం భోజనానికి ముందే కరకరలాడుతుంది. పంచె ఆరుతుంది, చీర ఆరుతుంది, పసిపిల్లల పొత్తిగుడ్డలూ ఆరతాయి. ఒక్క ముట్టుగుడ్డ మాత్రం ఆ ఎండకు నోచుకోదు. అది బాత్‌రూం మేకుకో, చూరు కిందో, మరో బట్ట మడతలోనో దాక్కుని ఆరాలి. ఆరుతుందా అంటే, ఆరదు. పైకి ఆరినట్టు కనిపిస్తుంది, లోపలి మడత చెమ్మగానే ఉంటుంది. రేపు అదే గుడ్డ మళ్లీ కట్టుకోవాలి.

మా వాదన ఇంతే: జబ్బు తెచ్చేది గుడ్డ కాదు, దాన్ని చీకట్లో ఆరబెట్టించే సిగ్గు. ఆ సిగ్గును పెంచిపోషించిన వాటిలో మన సంఘాలూ ఉన్నాయి.

ఇది ఊహతో అంటున్న మాట కాదు. ఒడిశాలోని ఆస్పత్రులకు వచ్చిన 558 మంది స్త్రీలను పరీక్షించిన అధ్యయనం ఒకటి 2018లో వెలువడింది. తిరిగి వాడుకునే గుడ్డలు కట్టుకునేవాళ్లలో కాండిడా అనే బూజుజాతి ఇన్ఫెక్షన్ ఎక్కువగా కనిపించింది. అక్కడితో ఆగిపోతే గుడ్డదే తప్పని తీర్పు చెప్పేయవచ్చు. కానీ పరిశోధకులు ఇంకో ప్రశ్న అడిగారు: ఆ గుడ్డ ఎక్కడ ఆరింది, ఎక్కడ దాచారు? గుడ్డ వాడేవాళ్లలోనే, ఇంటి లోపల ఆరబెట్టినవాళ్లకూ మరుగుదొడ్డి గదిలో దాచుకున్నవాళ్లకూ ఆ ఇన్ఫెక్షన్ సుమారు రెండింతలు కనిపించింది. ఇలాంటి అధ్యయనం ఒక్కటే కారణాన్ని పూర్తిగా రుజువు చేయలేదు, నిజమే. అయినా చెమ్మ, వెచ్చదనం, మడతల్లో మిగిలిపోయిన రక్తం, వీటన్నిటి మధ్య బూజు పెరుగుతుందని వంటింట్లో రొట్టె చూసినవాళ్లకైనా తెలుసు.

మన ప్రభుత్వ లెక్క మాత్రం ఈ రెండో ప్రశ్న అడగదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే గుడ్డ వాడకాన్ని శుభ్రమైన పద్ధతుల జాబితాలో చేర్చదు. సబ్బుతో ఉతికి నిప్పులాంటి ఎండలో ఆరేసిన గుడ్డా, మూడు రోజులుగా చెమ్మగా ఉన్న గుడ్డా దానికి ఒకటే. ఇక మన యువజన సంఘాలు మార్చి 8న ప్యాకెట్లు పంచి ఫొటోలు దిగుతాయి. లెక్క వేసి చూడండి. రోజుకు నాలుగు చొప్పున ఐదు రోజులకు ఇరవై ప్యాడ్లు కావాలి. మనం ఇచ్చే ప్యాకెట్లో ఆరో ఎనిమిదో ఉంటాయి. రెండో రోజుకు అవి అయిపోతాయి. లేదా ఆ పిల్ల ఒకే ప్యాడ్‌ను పొద్దున్నుంచి రాత్రిదాకా పెట్టుకుంటుంది. తడి ప్యాడ్ పన్నెండు గంటలు ఒరుసుకుంటే చర్మం పుండవుతుంది, అది కంపెనీ ప్యాడ్ అయినా సరే. మనం పంచింది ఒకటిన్నర రోజు, మిగతా రోజులు వాళ్లవే.

మరి గుడ్డతో కుదురుతుందా? ఒక కూలి ఇల్లు తీసుకుందాం. తల్లీ కూతురూ, చెరి రెండే గుడ్డలు. ఒకటి ఒంటిమీద ఉంటే ఒకటి మేకుమీద. నాలుగు నుంచి ఆరు గంటలకోసారి మార్చాలంటే రోజుకు నాలుగో ఐదో కావాలి. రెండే ఉన్నప్పుడు ఆరనిదాన్నే కట్టుకోవాలి, లేదా ఉన్నదాన్నే పొద్దుగూకేదాకా ఉంచుకోవాలి. ఎండాకాలంలో సాయంత్రం ఉతికింది మర్నాటికి ఆరుతుంది కాబట్టి పది గుడ్డలుంటే చాలు. వానాకాలంలో ఆరడానికి రెండు రోజులు పడుతుంది, పదిహేను కావాలి. అన్ని ఎక్కడివంటారా? ఐదున్నర మీటర్ల పాత నూలు చీరను రెండడుగులకు కాస్త తక్కువగా, 55 సెంటీమీటర్ల చదరపు ముక్కలు కోస్తే ఇరవైదాకా వస్తాయి. చిరుగులు పోయినా పదిహేనుకు తగ్గవు. పాలిస్టర్ చీర పనికిరాదు, అది పీల్చదు, చెమట పట్టిస్తుంది. అంటే పేదరికం అడ్డుపడేది మనం అనుకున్నంత కాదు. అడ్డుపడేది తీగ. పదిహేను ముక్కలు చూరు కింద దాగవు. వాటికి వాకిట్లో చోటు కావాలి.

ఉతకడంలోనూ సిగ్గు చేసే చేటు ఉంది. ఎవరూ చూడకముందే పని ముగించాలని, రెండు చెంబులతో జాడించి పిండేస్తారు. మొదట చన్నీళ్లలో నానబెట్టాలి. వేడినీళ్లు ముందే పోస్తే రక్తం నూలులో పట్టేసి మరక వదలదు. తర్వాత సబ్బుతో రుద్ది, నీళ్లు తేటగా వచ్చేదాకా జాడించాలి. సబ్బు మిగిలినా దురదే. ఆ తర్వాత మడత విప్పి, ఒకే పొరగా ఎండలో వేయాలి. చాటు లేకుండా కుదరదనుకునే ఇంట్లో పైన పల్చటి నూలు ఓణీ కప్పవచ్చు. ఎండ కొంత తగ్గుతుంది కానీ గాలి ఆడుతుంది, బాత్‌రూం మేకుకంటే నూరు రెట్లు నయం. ముసురు పట్టిన రోజుల్లో ఇస్త్రీ పెట్టాలి. పూర్తిగా ఆరిందో లేదో చెంపకు ఆనిస్తే తెలుస్తుంది. చల్లగా తగిలితే ఇంకా చెమ్మ ఉన్నట్టే.

ఇప్పుడు మన సంఘాల సంగతి. ముట్టు రోజుల్లో ప్రభువు బల్లకు దూరంగా ఉండమనే పెద్దలు ఇంకా ఉన్నారు. అడిగితే లేవీయకాండము 15వ అధ్యాయం చూపిస్తారు. ఆ అధ్యాయం సగం పురుషుల స్రావాల గురించే. వీర్యస్ఖలనమైన పురుషుడు కూడా సాయంకాలం వరకు అపవిత్రుడేనని అందులోనే ఉంది. ఆ వచనం చూపించి ఏ పెద్దనైనా ఎప్పుడైనా బల్లకు ఆపారా? అదే అధ్యాయం బట్టలు ఉతుక్కోమని, స్నానం చేయమని పదే పదే చెబుతుంది. ఉతికినదాన్ని దాచిపెట్టమని ఎక్కడా చెప్పదు. పన్నెండేళ్లు రక్తస్రావంతో బాధపడిన స్త్రీ చాటుగా వచ్చి యేసు వస్త్రం ముట్టుకుంటే, ఆయన ఆమెను చాటుగానే పంపేయలేదు. గుంపులో నిలబెట్టి, కుమారీ అని పిలిచాడు. మనం మాత్రం ఆమెను మళ్లీ చూరు కిందికే పంపుతున్నాం.

ఈ మౌనం ఖరీదెంతో ఇక్కడివాళ్లకు తెలిసి ఉండాలి. 1982లో చంద్రపూర్ నుంచి విడిపోయిన గడ్చిరోలి జిల్లాలోనే డాక్టర్ రాణీ బంగ్ బృందం రెండు ఊళ్లలో 650 మంది స్త్రీలను పరీక్షించి, 1989లో లాన్సెట్ పత్రికలో ప్రచురించింది. నూటికి 92 మందికి ఏదో ఒక స్త్రీవ్యాధి ఉంది, వాటిలో దాదాపు సగం ఇన్ఫెక్షన్లు. అంతకుముందు పరీక్ష చేయించుకున్నవాళ్లు నూటికి ఎనిమిది మందే. అవన్నీ గుడ్డ వల్ల వచ్చినవని ఎవరూ అనలేదు, మేమూ అనం. కానీ దురద, వాసన, నొప్పి వస్తే ఎవరికీ చెప్పకూడదన్న నేర్పు ఎక్కడ మొదలవుతుందో ఆలోచించండి. పదమూడేళ్ల పిల్ల చేతికి గుడ్డ ఇచ్చి, ఎవరికీ కనబడనీయకు అన్న రోజున.

పెరుగులాంటి తెల్లబట్ట, భరించలేని దురద ఉంటే అది చాలావరకు బూజు ఇన్ఫెక్షన్. పల్చగా బూడిదరంగులో, చేపవాసనతో పోతుంటే అది మరొకటి, దానికి మందు వేరు. ఒకదాని మందు ఇంకొకదానికి పనిచేయదు. అందుకే దుకాణంలో అడిగి మాత్రలు మింగకుండా ఆశా కార్యకర్తతో కలిసి ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలి. పొత్తికడుపు నొప్పికి జ్వరం తోడైతే ఆ రోజే వెళ్లాలి, ఇన్ఫెక్షన్ గర్భసంచికి పాకి ఉండవచ్చు. లోపల సబ్బు, డెటాల్ పోసి కడగడం మానాలి. పైన మామూలు నీళ్లు చాలు.

ఈ ప్రాంతం నుంచి ఏటా మిరపకాయ కోతకు తెలంగాణకు వెళ్లే కూలి స్త్రీలు చేల గట్లమీద నెలల తరబడి ఉంటారు. అక్కడ కడుక్కోవడానికి మరుగు లేదు, మార్చుకోవడానికి గోడ లేదు. వాళ్లను పనికి పెట్టుకునే రైతుల్లో మన విశ్వాసులూ ఉన్నారు. నాలుగు వెదురు బొంగులు, ఒక టార్పాలిన్, ఒక డ్రమ్ము నీళ్లు, ఆరేసుకోవడానికి ఒక తీగ. కోత మొదలవకముందే అవి వేయించారా అని ఆ సంఘాల కాపరులు పేరు పెట్టి అడగాలి.