పిలుపులోనే స్పష్టత
మహబూబాబాద్ మిర్చి రైతులను 2021లో నల్ల తామర పురుగు నిలువునా ముంచింది. ఇలాంటి సమస్యపై మిర్చి వ్యాపారులు సదస్సు పెట్టి శాస్త్రవేత్తను కీలకోపన్యాసానికి పిలిచేటప్పుడు ‘మిర్చి భవిష్యత్తు’ అంటే చాలదు. ‘నారుమడి నుంచే తామర పురుగు కట్టడి’ అంటే ఏం సిద్ధం కావాలో వక్తకు తెలుస్తుంది. వినేది యాభైమంది డీలర్లా, ఐదువందలమంది రైతులా అన్నదీ చెప్పాలి. దాన్నిబట్టి ప్రసంగమే మారిపోతుంది. పారితోషికం ఎంత, అది పన్ను కోతకు ముందా తర్వాతా, ప్రయాణ ఖర్చులు వేరుగా ఇస్తారా అన్నవి లేఖలోనే తేలాలి. ప్రభుత్వ శాస్త్రవేత్తకు పైఅధికారుల అనుమతి కావాలి కనుక రెండు తేదీలు సూచించడం మేలు. అవి నారు పోయకముందే, జూన్‌లో ఉండాలి. కోతలు, మార్కెట్ రద్దీ నడిచే ఫిబ్రవరి, మార్చిలో పెడితే రైతులు రారు.