ఒకే గదికి రెండు అద్దెలా?

హైదరాబాద్ కుటుంబం ఒకటి డిసెంబరులో అరకు చూడాలనుకుందనుకోండి. శుక్రవారం సాయంత్రం బండికి టికెట్లు వెయిటింగ్ లిస్టులో ఉన్నాయి. శనివారం మధ్యాహ్నం 12 గంటల నుంచి మూడు రాత్రులకు విశాఖలో గది కావాలి. ఫోన్ తెరపై ఒకే గదికి రెండు ధరలుంటాయి. రద్దు చేసుకుంటే డబ్బు వాపసు వచ్చేది 12,000 రూపాయలు, రానిది 10,500. 1,500 ఆదా అన్న మాట పెద్దక్షరాల్లో ఉంటుంది.

ఆ ఆదా లెక్క చూద్దాం. ఇలాంటి ప్రయాణాలు ఎనిమిది పెట్టుకుని ఒకటి మానుకుంటే, వాపసు లేని ధరలో ఎనిమిదింటికీ కట్టేది 84,000. వాపసు ఉన్న ధరలో ఏడింటికే కడతాం, అదీ 84,000. ఎనిమిదింట ఒకటికి మించి ప్రయాణం తప్పే అవకాశముంటే ఆ చవక గదే ఖరీదైనది. టికెట్ ఖరారు కాని ఇంట్లో, ఆసుపత్రిలో పెద్దవాళ్లున్న ఇంట్లో ఆ అవకాశం అంతకంటే తక్కువేమీ కాదు.

అలాగని వాపసు గది తీసుకుంటే నిశ్చింతా అంటే అదీ లేదు. ఉచిత రద్దుకు గడువు గదిలో దిగడానికి 48 గంటల ముందు వరకే అయితే అది గురువారం మధ్యాహ్నంతోనే ముగుస్తుంది. రైలు చార్టు శుక్రవారం ఉదయం గానీ తయారు కాదు. బెర్తు దొరకలేదని తెలిసేసరికి గది డబ్బూ పోతుంది. టికెట్ డబ్బును స్వల్ప కోతతో రైల్వే తిరిగి ఇస్తుంది. ఎక్కువ ధర కట్టించుకున్న హోటల్ మాత్రం గడువు దాటిందంటుంది. ఆ గడువు ఉండేదేమో షరతుల లింకు వెనకాల, చిన్న అక్షరాల్లో!

ఆఖరి రోజున రద్దు చేస్తే గది ఖాళీగా మిగులుతుందన్న హోటళ్ల వాదన న్యాయమే. కానీ నెల ముందే రద్దయిన గదిని డిసెంబరు రద్దీలో మరొకరికి అమ్ముకుని, మొదటివారి సొమ్మూ ఉంచుకోవడం ఒక గదికి రెండు అద్దెలు గుంజడమే. ఒప్పందంలో రాసిన మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమేనని, ఇప్పించాల్సింది సమంజసమైన పరిహారమేనని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ చెబుతోంది. నష్టానికి ఏమాత్రం పొంతన లేని జరిమానాను 2019 వినియోగదారుల రక్షణ చట్టం అన్యాయపు ఒప్పందంగా గుర్తించింది. అయితే అలాంటి ఒప్పందంపై ఫిర్యాదు వినే అధికారం జిల్లా కమిషన్‌కు ఇవ్వలేదు. 10,500 రూపాయల కోసం రాష్ట్ర కమిషన్ మెట్లెక్కాలి. ఏ కుటుంబం ఎక్కుతుంది?

ఇలాంటి బుకింగ్ తెరలపై లేని కొరతను చూపి తొందరపెట్టడాన్ని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులోనే నిషేధించింది. ఆ సంస్థే ఇంకో అడుగు వేయాలి. రద్దు గడువు ఏ తేదీ, ఎన్ని గంటలకో ధర పక్కనే, ధరంత అక్షరాల్లో చూపించాలి. రద్దయిన గది మళ్లీ అమ్ముడైతే మొదటివారి డబ్బు తిరిగి ఇవ్వాలి. ఈ ఫిర్యాదులు వినే అధికారాన్ని పార్లమెంటు జిల్లా కమిషన్లకు ఇవ్వాలి.