‘పెరిగాక కొందాంలే’ అనే లెక్క

ఆన్‌లైన్‌లో అపాయింట్‌మెంట్లు తీసుకునే టూల్స్ గురించి ఎవరిని అడిగినా సలహా ఒక్కటే. ‘ముందు ఉచిత ప్లాన్‌తో కానివ్వండి, జనం పెరిగాక డబ్బు కట్టే ప్లాన్‌లోకి మారొచ్చు.’ ట్యూషన్ మాస్టారికీ, డైటీషియన్‌కీ, పన్ను సలహాదారుకీ ఇదే మాట. వినడానికి పొదుపు మాటలా ఉంటుంది గానీ, ఆ ప్లాన్ల మధ్య గీత ఎక్కడుందో చూడకుండా చెప్పే మాట ఇది.

ఆ గీతకూ జనం సంఖ్యకూ సంబంధం లేదు. క్యాలెండ్లీనే తీసుకోండి. దాని ఉచిత ప్లాన్‌లో నెలకు ఎంతమంది బుక్ చేసుకున్నా అడ్డు చెప్పదు. అడ్డు పడేది వేరేచోట. కలుపుకోవడానికి ఒకే క్యాలెండర్ ఇస్తుంది. ఒకే ఈవెంట్ టైప్ ఇస్తుంది, అంటే ఒకే రకం, ఒకే నిడివి ఉన్న అపాయింట్‌మెంట్. రిమైండర్లు మన ఇష్టం వచ్చినట్టు పెట్టుకోవాలన్నా, బుక్ చేసేటప్పుడే ఫీజు వసూలు కావాలన్నా నెలకు పది పన్నెండు డాలర్లు, అంటే దాదాపు వెయ్యి రూపాయలు కట్టాలి. కాబట్టి వారానికి ఇద్దరే వచ్చే మనిషికి మొదటిరోజే డబ్బు కట్టాల్సిన అవసరం రావచ్చు. నలభైమందికి పాఠం చెప్పే మనిషికి జీవితాంతం ఉచితమే సరిపోవచ్చు.

విజయవాడలో ఒక వీణ టీచరు సంగతి చెబుతాను. పగలు కాలేజీ ఉద్యోగం. తెల్లవారుజామునా సాయంత్రాలూ వీణ పాఠాలు. శిష్యుల్లో సగం మంది డాలస్, న్యూజెర్సీల్లోని తెలుగు పిల్లలు. ఆమె సొంత పనులన్నీ గూగుల్ క్యాలెండర్‌లో ఉంటాయి, కాలేజీ పనులు ఔట్‌లుక్‌లో. బుకింగ్ పేజీకి గూగుల్ ఒక్కటే కలిపారు, ఉచితంలో అంతవరకే కుదురుతుంది కనుక. ఒక వేసవిలో కాలేజీవాళ్లు శనివారం సాయంత్రం 5 గంటలకు మీటింగు పెట్టి ఔట్‌లుక్‌లో ఎక్కించారు. బుకింగ్ పేజీకి ఆ సంగతి తెలియదు. దాని లెక్కలో శనివారం సాయంత్రమంతా ఖాళీయే. డాలస్‌లో ఒక తల్లి శనివారం ఉదయం 7 గంటలకు, అంటే మనకు సాయంత్రం 5:30కి, కూతురి మొదటి పాఠం బుక్ చేసుకుంది. సెలవు పూట పిల్లను పొద్దున్నే లేపి వీణ ముందు కూర్చోబెట్టింది. టీచరేమో ప్రిన్సిపాల్ ఎదురుగా కూర్చుని ఉన్నారు.

అప్పటికి ఆ పేజీ ద్వారా వచ్చేవాళ్లు వారానికి ఒకరిద్దరే. ‘పెరిగాక కొందాం’ లెక్కన చూస్తే ఆమెకు ఇంకా సమయం రాలేదు. కానీ రెండు క్యాలెండర్లతో బతికే మనిషికి ఒకే క్యాలెండర్ చూసే పేజీ మొదటి బుకింగ్ నుంచే ప్రమాదం. చిన్నవాళ్లకే ఈ బాధ ఎక్కువని నా అనుమానం. పూర్తికాలం అదే వృత్తిగా ఉన్నవాళ్లకు ఒక క్యాలెండర్ చాలు. ఉద్యోగం చేస్తూ పక్కన ఇంకో పని నడిపేవాళ్లకే రెండు ఉంటాయి.

దీనికి డబ్బు కట్టకుండా ఒక దారి ఉంది. ఔట్‌లుక్‌లో మీటింగు రాగానే దానికి తన జీమెయిల్ చిరునామాను అతిథిగా చేర్చి, అక్కడ ఒప్పుకుంటే గూగుల్‌లోనూ ఆ సమయం నిండుతుంది. నెలకు మూడు మీటింగులైతే ఈ పద్ధతి నడుస్తుంది. రోజూ మారే టైమ్‌టేబుల్ అయితే నడవదు. ఔట్‌లుక్ క్యాలెండర్ లింకును గూగుల్‌లో చందాగా పెట్టుకోమని కొందరు చెబుతారు. అలా తెచ్చుకున్నది వెంటనే మారదు, గంటలు గంటలు ఆలస్యంగా వస్తుంది. పొద్దున ఎక్కిన మీటింగు మధ్యాహ్నానికైనా కనబడుతుందన్న భరోసా లేదు.

ఏ దారి పట్టినా పరీక్ష ఒకటే. రెండో క్యాలెండర్‌లో ఉత్తుత్తి మీటింగు ఒకటి పెట్టి, బుకింగ్ పేజీని బయటివాళ్లలా తెరిచి చూడాలి. ఆ సమయం ఇంకా కనబడుతుంటే పేజీ గుడ్డిదే. ఇందులో ఇంకో మెలిక ఉంది, డబ్బు కట్టినవాళ్లనూ అది వదలదు. గూగుల్‌లో రోజంతా ఉండే ఈవెంట్ పెడితే అది మామూలుగా Free గానే పడుతుంది. ‘ఊరెళ్తున్నాను’ అని రాసుకుని నిశ్చింతగా రైలెక్కుతాం. పేజీ మాత్రం ఆ రోజంతా తలుపులు తెరిచే ఉంచుతుంది. దాన్ని చేత్తో Busy అని మార్చాలి.

ఇక ఈవెంట్ టైప్ దగ్గర ఇదే లెక్క తిరగబడుతుంది. ట్రయల్ పాఠం అరగంట, మామూలు పాఠం గంట, కచేరీకి తయారుచేసేది గంటన్నర కాబట్టి మూడు రకాలు కావాలి, కాబట్టి డబ్బు కట్టాలి అంటారు. ఆలోచిస్తే వారం వారం వచ్చే శిష్యులకు బుకింగ్ పేజీతో పనే లేదు. వాళ్ల పాఠాన్ని క్యాలెండర్‌లో ప్రతివారం వచ్చేలా ఒకసారి పెడితే చాలు. పేజీ కావాల్సింది కొత్తగా వచ్చేవాళ్లకే, వాళ్లకు అరగంట ట్రయల్ ఒక్కటే. నలభైమంది శిష్యులున్నా ఒక ఈవెంట్ టైప్ సరిపోతుంది. కాదు, రెండు రకాలు కావలసిందే అనుకుంటే ఊరికే ఇచ్చేవాళ్లూ ఉన్నారు. ఒక్కరే వాడుకునేవాళ్లకు Cal.com ఉచిత ప్లాన్‌లో ఈవెంట్ టైపులకు ఈ పరిమితి పెట్టలేదు.

రిమైండర్ల మీద ఎక్కువ చెప్పను. ఈమెయిల్ రిమైండర్ శిష్యుల తల్లిదండ్రుల్లో ఎంతమంది తెరుస్తారు? ఎస్సెమ్మెస్ అంటారా, మన దేశపు నంబర్లకు స్థానిక మార్గంలో వ్యాపార సందేశాలు పంపాలంటే పంపేవాళ్ల పేరూ, సందేశం నమూనా రెండూ డీఎల్‌టీలో నమోదై ఉండాలి. కాబట్టి విదేశీ టూల్ పంపే ఎస్సెమ్మెస్ ఇక్కడి ఫోనుకు చేరుతుందని నమ్మి డబ్బు కట్టొద్దు. ముందు సొంత నంబరుకు పంపి చూసుకోవాలి. వారానికి ఇద్దరు కొత్తవాళ్లయితే ముందురోజు రాత్రి వాట్సాప్‌లో ఒక ముక్క పెట్టడం మేలు.

ఫీజు వసూలు దగ్గరే ప్రచారం మరీ ఎక్కువ. క్యాలెండ్లీ డబ్బు తీసుకునేది స్ట్రైప్, పేపాల్ ద్వారా. స్ట్రైప్ 2024 నుంచి భారత్‌లో కొత్త ఖాతాలు ఆహ్వానం మీదే ఇస్తోంది. పేపాల్ 2021 ఏప్రిల్ 1 నుంచి ఇక్కడ దేశంలోపలి చెల్లింపులు ఆపేసింది, విదేశాల నుంచి వచ్చేవి మాత్రమే తీసుకోవచ్చు. అంటే నెలకు వెయ్యి కట్టి ఈ సౌకర్యం కొన్నా, గుంటూరులో ఉన్న తండ్రి దాంతో ఫీజు కట్టలేడు. ఆయనకు యూపీఐ ఉంది, అది ఉచితమే. డాలస్ తల్లి మాత్రం కట్టగలదు, ఆమె విషయంలో ఇది నిజంగా పనికొస్తుంది. డబ్బు పడితేనే బుకింగ్ ఖాయమవుతుంది గనుక, సరదాగా సమయం పట్టేసి రానివాళ్లు తగ్గుతారు. అయితే పేపాల్ కమిషనే నూటికి నాలుగు దాటుతుంది, డాలర్లను రూపాయల్లోకి మార్చేటప్పుడు ఇంకొంత పోతుంది. పైగా పాఠం రద్దుచేస్తే బుకింగ్ పోతుంది గానీ డబ్బు దానంతటది వెనక్కి వెళ్లదు. పేపాల్‌లోకి వెళ్లి మనమే తిప్పి పంపాలి. ఈ సంగతి తెలియని టీచరు ‘రద్దయింది కదా’ అని ఊరుకుంటుంది, అవతలి తల్లి వారం ఎదురుచూసి పేపాల్‌కు ఫిర్యాదు చేస్తుంది.

చివరికి ఆ వీణ టీచరు డబ్బు కట్టే ప్లాన్‌కే మారారు, రెండో క్యాలెండర్ కోసం. వారానికి ఒకరిద్దరు కొత్తవాళ్లు ఇప్పటికీ అలాగే ఉన్నారు. అదే ఊళ్లో ఉద్యోగం మానేసి పూర్తికాలం గాత్రం చెబుతున్న ఆమె స్నేహితురాలికి అంతకు మూడింతల శిష్యులు. ఆవిడ ఉచిత ప్లాన్‌లోనే ఉన్నారు, ‘మీకింతమంది ఉన్నారు, ఇంకా మారలేదా’ అని అందరూ ఆవిడనే అడుగుతుంటారు.