గల్ఫ్ పెట్టెలో గసగసాలు: వలస అధికారికి బహిరంగ లేఖ

హైదరాబాద్‌లోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ గారికి,

గల్ఫ్‌కు పనికి వెళ్లేవారికి ప్రయాణానికి ముందు మీ శాఖ తరఫున ఒక రోజు శిక్షణ ఉంటుంది. అందులో ఒక అరగంట వాళ్లు పెట్టెలో సర్దుకునే పొడుల గురించి చెప్పించమని ఈ లేఖ రాస్తున్నాను. ముఖ్యంగా గసగసాల గురించి.

జగిత్యాల నుంచి దుబాయ్ వెళ్లే కొడుక్కి తల్లి ఏం కట్టిస్తుందో మా ఊళ్లో అందరికీ తెలుసు. ధనియాలు, లవంగాలు, దాల్చినచెక్క, ఎండుకొబ్బరి, గసగసాలు వేయించి దంచిన కోడికూర మసాలా అది. మన చట్టం గసగసాల మొక్కలో గింజను మాత్రం మత్తుపదార్థాల లెక్కలోంచి తప్పించింది. అందుకే ప్రతి కిరాణా కొట్లోనూ దొరుకుతుంది, ఆ తల్లికి అనుమానమే రాదు. యూఏఈ, సౌదీ చట్టాలు అలా మినహాయించలేదు. నల్లమందు తీసే కాయలోనిదే ఆ గింజ. కాయ పాలు పైపొరకు అంటుకుని ఉంటే మార్ఫిన్ ఆనవాళ్లు మిగులుతాయి. అక్కడ దీన్ని మత్తుపదార్థంగానే చూస్తారు, కొంచెమే కదా అంటే వినరు.

పొడి చేస్తే గింజ కంటికి కనబడదు గానీ తప్పు తప్పే. కొన్న ప్యాకెట్ అయితే సరిపోతుందనుకోవడమూ పొరపాటే. లేబుల్ లోపలేముందో చెబుతుందే తప్ప నిషేధాన్ని తొలగించదు. వెనకవైపు పదార్థాల జాబితాలో ‘పాపీ సీడ్స్’ అనో ‘ఖస్‌ఖస్’ అనో ఉంటే ఆ ప్యాకెట్ ఇంట్లోనే ఉండాలి. కానీ మీ అనుమతి తప్పనిసరైన ఈసీఆర్ పాస్‌పోర్టు ఎక్కువగా పదో తరగతి దాటనివారిదే. ఇంగ్లిష్‌లో సన్నటి అక్షరాలతో ఉన్న ఆ జాబితాను వాళ్లు ఎలా చదువుతారు?

కాబట్టి బొమ్మలతో ఒక తెలుగు కాగితం ఇవ్వండి. శిక్షణలో నిజమైన ప్యాకెట్లు చేతికిచ్చి, ఆ రెండు పేర్లను వెతికించండి. కూర చిక్కదనానికి గసగసాల బదులు జీడిపప్పో నువ్వులో వేసుకోవచ్చని చెప్పించండి. అది చెబితే తల్లులు మారుస్తారు. వద్దని మాత్రమే చెబితే కొడుకు నోటికి రుచి ఉండదని దొంగచాటుగా కట్టిస్తారు.

ఆయుర్వేద చూర్ణాలు, తైలాలు వాడేవారికి వేరే మాట చెప్పాలి. పాత హార్లిక్స్ సీసాలోకి మార్చిన చూర్ణం ఏమిటో తనిఖీ అధికారికి తెలిసే దారి లేదు. కంపెనీ సీలు, పదార్థాల పేర్లు, వైద్యుడు ఇంగ్లిష్‌లో రాసిన చీటీ కలిసి ఉండాలి. నూనె సీసా 100 మిల్లీలీటర్లు దాటితే చేతిసంచిలో కుదరదు, పెద్ద పెట్టెలోనే పెట్టాలి.

ఇంకొకటి. ‘మావాడికి ఇచ్చెయ్ బిడ్డా’ అని పక్కింటివాళ్లు ఇచ్చే పచ్చడి డబ్బా, మసాలా పొట్లం. కాదనడం మా ఊళ్లల్లో చాలా కష్టం. కానీ పెట్టె ఎవరి పేరుమీద ఉంటే జవాబు వాళ్లే చెప్పుకోవాలి. తెరిచి చూడనిదే తీసుకోవద్దని మీ శాఖ పేరుతో రాసి ఉన్న కాగితం చేతిలో ఉంటే, ఆ పిల్లవాడు దాన్ని చూపించి మర్యాద చెడకుండా కాదనగలడు.

ఇట్లు,
జగిత్యాల జిల్లా నుంచి ఒక ఉపాధ్యాయురాలు