తెర మీది నాలుగో గొంతు

బదిలీ ఉత్తర్వు విద్యా సంవత్సరం పూర్తయ్యేదాకా ఆగదు. ఆ సంగతి మీకూ తెలుసు, మాకూ తెలుసు. దసరా సెలవుల ముందు మొదలుపెట్టిన గ్రూపు ప్రాజెక్టును డిసెంబరులో తరగతి ముందు చెప్పాలి. ఈలోగా గ్రూపులో ఒకరి నాన్నగారికో అమ్మగారికో వేరే ఊరు పడుతుంది. అప్పుడు మిగిలినవాళ్లు సాధారణంగా రెండు పనుల్లో ఒకటి చేస్తారు. వెళ్లిపోయిన స్నేహితురాలి పేరు తీసేస్తారు. లేదా పేరు ఉంచి, ఆమెను వీడియో కాల్‌లోకి పిలిచి, చివరి ‘ధన్యవాదాలు’ స్లైడు చదివిస్తారు. రెండో పద్ధతి మర్యాదగానే కనిపిస్తుంది కానీ మా దృష్టిలో రెండింటికీ పెద్ద తేడా లేదు. వెళ్లినవారికి అసలు విషయంలోనే ఒక భాగం ఇవ్వాలి, ఆ భాగం మీద వచ్చే ప్రశ్నలకు వారే జవాబు చెప్పాలి. అలా జరగాలంటే తెర మీద ఉన్నవారు కాదు, గదిలో ఉన్నవారు తమ అలవాట్లు కొన్ని మార్చుకోవాలి. ఇదీ మా అభిప్రాయం.

ఒక గ్రూపు సంగతి చెబుతాం. విశాఖలో తొమ్మిదో తరగతి పిల్లలు నలుగురు ‘గోదావరి ప్రయాణం’ అనే అంశం మీద పన్నెండు నిమిషాల ప్రెజెంటేషన్ సిద్ధం చేసుకున్నారు. త్ర్యంబకం కొండల్లో నది పుట్టుక మొదటి భాగం. బాసర దగ్గర తెలంగాణలోకి వచ్చి భద్రాచలం దాటడం రెండోది. ధవళేశ్వరం ఆనకట్ట మూడోది. పాయలుగా చీలి సముద్రంలో కలవడం నాలుగోది. మనిషికి మూడేసి నిమిషాలు. ఇంతలో ఒక అమ్మాయి కుటుంబానికి ఖాట్మండు బదిలీ అయింది. మిగిలిన ముగ్గురూ ఆమెను వదులుకోలేదు. ఆమెకు మూడో భాగం ఇచ్చారు.

ఆ ఎంపిక సరైనదని మేము అనుకుంటాం. మొదటి భాగం ఇస్తే, అప్పటికి కాల్ కుదురుకుని ఉండకపోవచ్చు. ఆఖరి భాగం ఇస్తే, గంట కొట్టే వేళకు కోతపడేది అదే. మూడో భాగమైతే ముందు మాట్లాడే ఇద్దరి మాటలూ వింటూ ఆమె సర్దుకుంటుంది, కాల్ బాగా లేకపోతే ఆ విషయమూ ఆ ఆరు నిమిషాల్లోనే బయటపడుతుంది. అప్పుడు నాలుగో భాగాన్ని ముందుకు జరిపి కొంత సమయం సంపాదించవచ్చు.

మొదటి రిహార్సల్‌లో ఆమె మూడు నిమిషాలూ చక్కగా మాట్లాడింది. ప్రశ్నల వంతు వచ్చేసరికి ఒక్క జవాబూ చెప్పలేదు. తన భాగం మీద అడిగిన ప్రశ్నకు కూడా గదిలో ఉన్నవాళ్లే అందుకున్నారు. “కొత్త ఊరు వెళ్లింది కదా, బెరుకుగా ఉంది” అన్నారు స్నేహితులు. కారణం బెరుకు కాదు.

ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునేటప్పుడు ఒకరి మాట ముగియడానికీ మరొకరి మాట మొదలవడానికీ మధ్య విరామం ఎంతో గమనించారా? పరిశోధకులు పది భాషల్లో కొలిచి చూస్తే సగటున సెకనులో ఐదో వంతు మాత్రమే తేలింది. అంటే 0.2 సెకను. ఇప్పుడు వీడియో కాల్ సంగతి చూడండి. గొంతు ముక్కలు ముక్కలుగా ఇంటర్నెట్‌లో ప్రయాణించి అవతల మళ్లీ అతుక్కోవడానికి కొంత సమయం పడుతుంది. అటు వెళ్లడానికి 0.3 సెకను పడుతుందనుకుందాం. ప్రశ్న ఆమెకు 0.3 సెకను ఆలస్యంగా చేరింది. ఆమె ఏమాత్రం తడుముకోకుండా 0.2 సెకనులో నోరు తెరిచింది. ఆ మాట తిరిగి రావడానికి మరో 0.3. మొత్తం 0.8 సెకను. గదిలో ఉన్న స్నేహితుడు 0.2 సెకనుకే మాట అందుకున్నాడు. ఎంత చురుకైన పిల్లయినా ఈ పోటీలో గెలవలేదు.

దీనికి తోడు ఇంకొకటి ఉంది. స్పీకరులోంచి వచ్చిన గొంతు మళ్లీ మైకులోకి పోయి ప్రతిధ్వని కాకుండా కాల్ నడిపే సాఫ్ట్‌వేర్ అడ్డుకుంటూ ఉంటుంది. ఇరువైపులా ఒకేసారి మాట్లాడినప్పుడు అది తరచు ఒక గొంతును తగ్గించేస్తుంది. గదిలో నవ్వులో చప్పట్లో వినిపిస్తున్నప్పుడు తెర మీది మనిషి మాట మధ్యలో తెగిపోయేది అందుకే. రెండుసార్లు అలా తెగితే మర్యాద తెలిసిన పిల్ల ఊరుకుంటుంది. మనం దాన్ని బెరుకు అంటాం.

కాబట్టి మేము మొదట అడిగేది వంతు గురించి. దూరాన ఉన్నవారు వంతు లాక్కోలేరు, గదిలోవాళ్లే ఇవ్వాలి. ఇచ్చేటప్పుడు పేరు ముందు పిలవాలి, ప్రశ్న తర్వాత చెప్పాలి. పేరు వినగానే ఆమె కాగితాల మీంచి తలెత్తుతుంది, ప్రశ్న మొదటి నుంచీ వింటుంది. అడిగాక మనసులో మూడు లెక్కపెట్టేదాకా గదిలో ఎవరూ మాట్లాడకూడదు. ఆ మూడు అంకెల మౌనం మొదట్లో ఇబ్బందిగానే ఉంటుంది. అయినా పాటించాలి. రెండో రిహార్సల్‌లో ఈ ఒక్క నియమం పెట్టుకోగానే ఆ అమ్మాయి మూడు ప్రశ్నలకు జవాబు చెప్పింది.

రెండో సంగతి శబ్దం. బొమ్మ కాస్త మసకబారినా వినేవాళ్లు సర్దుకుంటారు, మాట తెగితే సర్దుకోలేరు. పిల్లలు తరచు చేసే పని ఏమిటంటే, గదిలోని ల్యాప్‌టాప్‌తో పాటు తమ ఫోన్లలో కూడా అదే కాల్‌లోకి వెళ్లడం. ఒక స్పీకరు శబ్దం ఇంకో మైకులోకి, దాని శబ్దం మళ్లీ మొదటిదానిలోకి తిరిగి, చెవులు చిల్లులు పడేలా కూత మొదలవుతుంది. గదికి ఒకే మైకు, ఒకే స్పీకరు ఉండాలి. మిగతా పరికరాల్లో రెండూ ఆపేయాలి. మైకు ఒక్కటే మ్యూట్ చేస్తే చాలదు. వాటి స్పీకర్లు మోగుతూ ఉంటే ఆ శబ్దం గది మైకులోకి పోతుంది.

ఆ ఒక్క మైకు ల్యాప్‌టాప్‌దే అయితే మాట్లాడేవారు దానికి చేయి చాచినంత దూరంలో నిలబడాలి. తొమ్మిదో తరగతి సైన్సులో ధ్వని పాఠం చదివినవారికి కారణం తేలిగ్గానే తెలుస్తుంది. దూరం పెరిగేకొద్దీ గొంతు తీవ్రత వేగంగా పడిపోతుంది. నల్లబల్ల దగ్గర నిలబడి మాట్లాడితే, ఆ గొంతూ ఫ్యాను చప్పుడూ మైకుకు ఇంచుమించు సమానంగానే చేరతాయి. వెనక బెంచీ ప్రశ్న అయితే అసలు చేరదు. దాన్ని ల్యాప్‌టాప్ పక్కన ఉన్నవారు మళ్లీ చెప్పాలి.

సరిగ్గా వినిపిస్తోందో లేదో తెలుసుకోవడానికి “వినిపిస్తోందా?” అని అడగకండి. సగం వినిపించినా మొహమాటానికి ‘ఆ’ అంటారు. వెనక బెంచీలోంచి ఒకరు ఒక అంకె చెప్పాలి, పక్కనున్నవారు దాన్ని మైకులో చెప్పాలి, అవతలివారు తిరిగి అప్పజెప్పాలి. ఈ పిల్లలు గోదావరి పొడవునే వాడుకున్నారు. మొదటిసారి ఆమె “వెయ్యిన్నూట అరవై అయిదా?” అంది. ఫ్యాను ఒకటి ఆపి, ల్యాప్‌టాప్ దగ్గరికి జరిగి చెబితే 1465 కిలోమీటర్లని సరిగ్గా అప్పజెప్పింది.

మూడో సంగతి తోడు. గదిలో ఉన్న ముగ్గురిలో ఒకరు ఆమెకు తోడుగా ల్యాప్‌టాప్ పక్కన కూర్చోవాలి. తన భాగం చెప్పేటప్పుడు ఆ చోటు ఇంకొకరికి అప్పగించాలి. తోడున్నవారి ముందు ఆమె చెప్పే మాటల ప్రతి కాగితం మీద ఉంటుంది. స్లైడులు మార్చేదీ వారే. ప్రతి స్లైడుకూ పెద్ద అంకె వేసి, అదే ప్రతిని ఆమెకు ముందే పంపాలి. ‘తర్వాతిది’ అని కాకుండా ‘ఏడో స్లైడు’ అని ఆమె చెప్పాలి. ‘తర్వాతిది’ అన్న మాట ఒకసారి తెగిపోతే అక్కడి నుంచి చివరిదాకా బొమ్మ ఒకటి, మాట ఒకటి అవుతాయి. అంకె చెబితే ఒక స్లైడు తప్పినా మరుసటి దానికి సర్దుకుంటుంది.

కాల్ తెగితే ఏం చేయాలో కూడా ముందే అనుకోవాలి. మాట ముక్కలవుతుంటే మొదట ఆమె తన వీడియో ఆపాలి. గొంతుకు కావలసిన డేటా బొమ్మకు కావలసినదానిలో చిన్న వంతే కాబట్టి చాలాసార్లు అంతటితో కుదురుకుంటుంది. పదిహేను సెకన్లు దాటినా గొంతు రాకపోతే, తోడున్నవారు ఆగిన వాక్యం నుంచి ఆమె కాగితం చదవాలి. కాల్ మళ్లీ కలిసినా ఆమె వెనక్కి వెళ్లి మొదలుపెట్టదు, ప్రశ్నల వంతు దగ్గర చేరుతుంది. ఇంకో చిన్న మాట. నేపాల్ గడియారం మనకంటే 15 నిమిషాలు ముందుంటుంది. ‘పదింటికి’ అంటే ఎవరి పదో ముందే చెప్పుకోవాలి.

“ఇంత తంటా ఎందుకు, ఆమె భాగం రికార్డు చేసి పంపిస్తే వేసేయవచ్చు కదా” అనేవారు ఉన్నారు. అది తేలికే, కాల్ అసలు కలవని రోజుకు ఒక రికార్డింగు దగ్గర ఉంచుకోవడమూ మంచిదే. కానీ రికార్డింగును ఎవరూ ప్రశ్న అడగలేరు. ఆ గ్రూపు ప్రెజెంటేషన్ రోజున వెనక బెంచీ నుంచి ఒక ప్రశ్న వచ్చింది. “ఆనకట్ట ధవళేశ్వరం దగ్గరే ఎందుకు కట్టారు?” తోడున్న అబ్బాయి ఆమె పేరు పిలిచి, ప్రశ్న మళ్లీ చెప్పాడు. గది మూడు లెక్కపెట్టేంతసేపు ఆగింది. అక్కడికి కొంచెం దిగువనే నది గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలుతుందనీ, చీలకముందే నీటిమట్టం పెంచితే తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు మూడింటికీ కాలువలు తీయవచ్చనీ, ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలైన పని 1852లో పూర్తయిందనీ ఆమె ఖాట్మండు నుంచి చెప్పింది. రాసుకున్న మూడు నిమిషాల్లో మొదటి రెండు సంగతులూ లేవు. అవి ఆమెకు తెలుసని ఆ ప్రశ్న అడిగాకే తరగతికి తెలిసింది.

మార్కులు వేసే మా ఉపాధ్యాయులకూ ఒక మాట. ఇలాంటి ప్రెజెంటేషన్‌లో తెర మీది పిల్లల హావభావాలకూ, కాల్ నాణ్యతకూ మార్కులు కోయడం న్యాయం కాదు. వారి భాగం మీద కనీసం ఒక ప్రశ్న పేరు పెట్టి అడిగి, జవాబు కోసం ఆగి, విన్నదానికి మార్కులు వేయాలి. ఆ సమయంలో గదిలోవాళ్లు వంతు ఎలా ఇచ్చారో చూసి వారికీ మార్కులు వేయాలి. గ్రూపు పని అంటే అది కూడా ఉంటుంది.