బుధవారం అన్న ఒక్క మాట

కార్తీకం దాటిందంటే మన పత్రికకు యాత్ర ఉత్తరాలు మొదలైతయి. పండరిపురం, తుల్జాపూర్, అక్కల్‌కోట్, గాణగాపూర్ పోయొచ్చినవాళ్ళు రాస్తరు. ఊరికి పోయినవాళ్ళు పనిలో పనిగ వేములవాడ, యాదగిరిగుట్ట చూసొచ్చి రాస్తరు. ఆ కట్టంతా తెచ్చి ఎడిటర్ బాబు నా ముందట పెట్టి, "కాకా, జర చూడుండ్రి" అంటడు. చూస్తే అన్నీ ఒక్క తీరే ఉంటయి. పొద్దున్నే బయలుదేరినం, దర్శనం మంచిగయింది, మనసుకు శాంతి దొరికింది, రాత్రికి ఇల్లు చేరినం. చాదరు కొననొచ్చినాయనకు మడత విప్పకుండనే "మాల్ మంచిది" అని చెప్పి చేతుల పెట్టినట్టుంటది ఇది. విప్పి చూపకుంటే ఎవరు నమ్ముతరు?

అచ్చయిన ఉత్తరం చదివి జనం నిజంగనే బయలుదేరుతరు. పోయినేడు మన పేఠ్‌లోనే ఒక ఇంటివాళ్ళు పండరిపురం ఉత్తరం చదివిండ్రు. "అరగంటల దర్శనం అయింది" అని అందుల ఉన్నది. అది చూసి ముసలమ్మను తోలుకొని పోయిండ్రు. ఆమెకు మోకాళ్ళ నొప్పులు. వయసంతా కింద కూసొని బీడీలు చుట్టిన మనిషి. ఉత్తరం రాసిన తమ్ముడు అబద్ధమేమీ రాయలేదు. ఆయన పోయింది మామూలు బుధవారం నాడు. వీళ్ళు పోయింది ఏకాదశి నాడు. ఐదు గంటలు బారుల నిలబడ్డంక అమ్మ కండ్లు తిరిగి కింద పడ్డది. కొడుక్కి ఆ రోజు కూలి పోయింది, తెల్లారి దవాఖాన కాడ ఇంకో రోజు పోయింది. ఉత్తరంల తక్కువైంది ఒక్కటే మాట, బుధవారం.

అందుకని యాత్ర రాసేటోళ్ళు ముందుగాల తేది, వారం, బయలుదేరిన టైము, చేరిన టైము రాసుకోవాలె. దీనికి పెద్ద నోటుబుక్కు అక్కరలేదు, మిల్లుల హాజరీ రాసుకున్నట్టు చిన్న చిట్టీ జేబుల ఉంటే సాలు. ఎస్టీ బస్సు టికెట్ మీద ఇదంతా అచ్చయి ఉంటది కదా, దాన్ని దాసుకుంటే సాలదా అని కొందరంటరు. ఆ మిషను టికెట్ కాగితం మీద అక్షరం నిలవదు. ఎండకు, చెమటకు కొన్ని రోజులల్లనే తెల్లగైపోతది. ఇంటికొచ్చిన రాత్రే దాని మీదిది చిట్టీలకు ఎక్కియ్యాలె. టికెట్ ధర రాస్తే పక్కన నెల, సంవత్సరం కూడ రాయాలె. ధర మారుతది, చదివేటోళ్ళు ఎప్పటి లెక్కనో తెలుసుకోవాలె. ఎవరికెంత పడ్డదో గూడ రాయాలె. మహారాష్ట్ర ఎస్టీల 2023 మార్చి నుంచి ఆడవాళ్ళకు సగం టికెట్. అరవై ఐదు దాటినవాళ్ళకు సగం, డెబ్బై ఐదు దాటినవాళ్ళకు పూర్తిగ మాఫీ, వయసు చూపే కార్డు దగ్గర ఉండాలె. మా ఇంటామెకు సగం, అరవై మూడేండ్ల నాకు పూర్తి. "ఇద్దరికి ఇంతయింది" అని ఒక్క మాటల రాస్తే ఏ ఇంటివాళ్ళ లెక్కకూ అది పనికిరాదు.

ఇగ అసలు కష్టం చూసింది రాయడంల ఉన్నది. "అద్భుతంగ ఉన్నది", "కన్నుల పండుగ" అని రాస్తరు. మగ్గం పని చేసినవాళ్ళం మనం. బట్ట మంచిదా కాదా అని కంటితోని చెప్పం, రెండు వేళ్ళ నడుమ పెట్టి నలిపి చెప్తం. యాత్ర కూడ అట్లనే పట్టుకోవాలె. కాలికి ఏం తగిలింది, ముక్కుకు ఏం తగిలింది, చెవులకు ఏం వినపడ్డది. ఇది అందం కోసం చెప్తలేను. కాలికి తగిలింది రాస్తే చదివేటోనికి అదే జాగ్రత్త అయితది.

మా ప్రయాణమే చెప్త. ఈ మాఘమాసంల ఒక గురువారం, పండుగ కాని రోజు, నేను, మా ఇంటామె పండరిపురం పోయినం. షోలాపూర్ స్టాండుల ఐదున్నరకు ఎక్కినం. దారి 70 కిలోమీటర్ల పైనే, మోహోళ్ మీదుగ పోతది. మోహోళ్ దాటినంక కిటికీలకెల్లి తియ్యటి పులుపు వాసనొచ్చింది, చెరుకు రసం మాగినట్టు. ముందట ట్రాక్టర్, దానెనక రెండు ట్రాలీలు, రోడ్డు మీదికి వాలిన చెరుకు గడలు, డ్రైవర్ పెట్టిన పాటలు బస్సులదాక వినపడుతున్నయి. అట్లాంటివి ఐదారు దాటేసరికి మాకు అరగంట ఎక్కువైంది. ఆ వాసన ఒక్కటి రాస్తే బాగనే ఉంటది. దాని పక్కనే "చలికాలం నుంచి ఎండకాలం మొదలుదాక చెరుకు బండ్లుంటయి, అరగంట ముందుగ బయలుదేరుండ్రి" అని రాస్తే వాసన పనిల పడ్డది.

గుడి కాడ రాయి సంగతి గూడ ఇంతే. ఎనిమిదింటికి నామదేవుని మెట్టు కాడ నిలబడితే కాలికింద రాయి చల్లగ, తడిగ ఉన్నది. ఆ మెట్టు మీద ఎవరూ కాలు పెట్టరు, దాటిపోతరు. ఎదురుంగ చోఖామేళా సమాధి. అక్కడ బుక్కా అమ్మే దుకాండ్లు ఉన్నయి. నల్లటి పొడి, నుదుటికి పెట్టుకుంటరు, దాని వాసన మా ఇంటామె కొంగుకు సాయంత్రందాక ఉన్నది. పన్నెండు దాటినంక అదే జాగల రాయి కాలుతున్నది, జనం గోడ నీడ పట్టుకొని వేళ్ళ మీద నడుస్తున్నరు. చెప్పులు తులసిమాల కొన్న దుకాణంల విడిచినం, అది గుడికి దూరం. అంటే ముసలోళ్ళు దుకాణం ఎంచుకునేటప్పుడు మాల ధర కాదు, గుడి ఎంత దగ్గరున్నదో చూసుకోవాలె. ఇది రాయిని తొక్కినంకనే తెలిసింది.

అక్కడ దర్శనం రెండు తీర్ల. పాదాలు ముట్టుకొని మొక్కేది ఒకటి, దూరం నుంచి ముఖం చూసేది ఒకటి. ముట్టుకునే బారు పెద్దది, ముఖదర్శనం బారు చిన్నది. మేము ముట్టుకునే బారుల పోయినం, గంటా నలభై నిమిషాలు పట్టింది. కూసునే జాగ తక్కువ, ఇనుప గొట్టం ఆనుకొని నిలబడ్డం. విఠలుని ముందట ఉన్నది రెండు మూడు క్షణాలే, వెనుకనుంచి "చలా, చలా" అంటరు. నా చేతికి ఆ నల్లరాతి పాదం నున్నగ తగిలింది, ఎన్ని చేతులు తాకితే అంత నున్నగైందో. ఆ తగిలింది రాస్త, తోసింది కూడ రాస్త. మోకాళ్ళు బాగలేనోళ్ళకు ముఖదర్శనం అని ఇంకో బారు ఉన్నదని పైన ఒక లైను రాస్తే, ఆ ముసలమ్మసొంటోళ్ళు గట్టెక్కుతరు.

ఇంక చెడ్డది రాయాల్నా వద్దా అనే మాట. ఒక అక్క నన్నడిగింది, "దేవుని కాడికి పోయి తప్పులెన్నుతమా కాకా?" అని. చంద్రభాగల నీళ్ళు పలుచగ పారుతున్నయి, ఒడ్డుకు పాత బట్టలు, ప్లాస్టిక్ కవర్లు. కాలికింద గాజుముక్క తగిలింది. అది విఠలుని తప్పు కాదు. మంచి, చెడు రెండూ ఒకే ఉత్తరంల ఉంటేనే మంచిని నమ్ముతరు. కాకపోతే చెడ్డది రాసేటప్పుడు మూడు చూసుకోవాలె. కండ్లార చూసిందా, ఎవరన్న చెప్పిందా. ఎప్పుడూ ఉండేదా, ఆ ఒక్కరోజుదా. నీళ్ళు తక్కువున్నది మాఘంల, వానకాలంల అదే నది గుళ్ళను ముంచుతది, పుండలీకుని గుడి ఇసుకల ఉన్నదే కదా. మూడోది, మోసపోతే ఎంత పోయింది, ఎట్ల పోయింది అన్నది రాయాలె, మనిషి కులం, మాతం, ఊరు పేరు పెట్టి తిట్టొద్దు. "దుకాణపాయన ధర చెప్పకముందే మాల చేతుల పెట్టిండు, తర్వాత రెట్టింపు అడిగిండు" అంటే సాలు, చదివేటోళ్ళు ముందే ధర అడుగుతరు.

మన తెలుగుల ఈ పని ఎప్పుడో చేసిన పెద్దమనిషి ఉన్నడు. ఏనుగుల వీరాస్వామయ్య. చెన్నపట్నం సుప్రీం కోర్టుల దుబాసీ. 1830 మే 18న బయలుదేరి కాశీదాక పోయి 1831 సెప్టెంబర్ 3న ఇల్లు చేరిండు. పెద్ద భక్తుడు. అయినా ఏ ఊర్ల దిగితే ఆ ఊర్ల అంగళ్ళున్నయా, నీళ్ళు ఎట్లున్నయి, దారి మంచిదా, ముందటి ఊరు ఎంత దూరం అని దోస్తుకు రాసుకుంట పోయిండు. ఆయన పోయినంక 1838ల ఆ దోస్తు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళె 'కాశీయాత్ర చరిత్ర' అని అచ్చేయించిండు. ఆయన పల్లకిల పోయిండు, వెంట పెద్ద పరివారం. మనం ఎస్టీల పోతం. కాని రాత్రి ఎక్కడ దిగాలె, నీళ్ళెక్కడ అన్న సంగతి ఇద్దరికీ ఒక్కటే.

మగవాళ్ళ ఉత్తరాలల్ల నాకు ఎన్నడూ కనపడనిది ఇంకొకటున్నది. స్నానం చేసినంక ఆడవాళ్ళు చీర ఎక్కడ మార్చుకోవాలె, మరుగుదొడ్డి ఎక్కడ, దానికి ఎంత తీసుకున్నరు. మా ఇంటామె చెప్తుంటే నేను రాసుకున్న: "రేవు కాడ ఆడు లేదు, నలుగురం కొంగులు పట్టి మార్చుకున్నం, ఒక్కతే పోతే కష్టం. స్టాండుల దొడ్డికి పోయి పోవుడే మంచిది." ఈ రెండు లైన్ల కోసమే మన బీడీ కార్ఖానా అక్కలు ఉత్తరం కత్తిరించి దాసుకుంటరు.

ఇట్ల రాసుకున్న చిట్టీలకెల్లి తయారైన ఉత్తరం మొదలు ఇట్ల ఉన్నది:

"మాఘం, గురువారం, పండుగ కాదు. ఐదున్నర బస్సు, ఎనిమిదికి చేరినం, చెరుకు బండ్లతోని అరగంట ఆలస్యం. పాదదర్శనానికి గంటా నలభై నిమిషాలు, కూసునే జాగ తక్కువ. మోకాళ్ళ నొప్పులున్నోళ్ళు ముఖదర్శనం బారుకు పోవాలె. పొద్దున రాయి చల్లగున్నది, మధ్యాహ్నం కాలింది. నది అడుగున గాజున్నది, పిల్లలను దింపేముందు చూసుకోవాలె. విఠలుని పాదం నున్నగ ఉన్నది, ఉన్నది రెండు క్షణాలే, మా ఇంటామె ఏడ్చింది."

తుల్జాపూర్ మెట్ల గురించి ఇంకా ఎవరూ రాయలేదు. ఏ నెల, ఏ వారం పోయిండ్రో పైన రాసి, రెండు పేజీలకు మించకుండ పత్రిక ఆఫీసుల ఇయ్యుండ్రి. చేతిరాత ఎట్లున్నా నేను చదువుకుంట.