మన ఊళ్లో నిద్రమాత్ర, దోహాలో నిషేధిత మందు

రాయగడలోనూ, కోరాపుట్, జయపురం, సునాబెడలలోనూ స్థిరపడిన మన తెలుగు కుటుంబాల్లో ఇప్పుడు చాలామంది పిల్లలు గల్ఫ్ దేశాల్లోనో, సింగపూర్‌లోనో, అమెరికాలోనో ఉంటున్నారు. కోడలి పురిటికని, మనవడి అన్నప్రాసనకని అమ్మానాన్నలు రెండు మూడు నెలలకు బయలుదేరుతున్నారు. పచ్చళ్ల సీసాలు పగలకుండా సర్దుకోవడంపై పెట్టిన శ్రద్ధ మందుల సంచి మీద పెట్టడం లేదు. అందులో బీపీ, షుగరు మాత్రలతో పాటు రాత్రి వేసుకునే నిద్రమాత్ర కూడా ఉంటే ఏమవుతుందో ఈసారి చూద్దాం.

ముందు ఏ మందుల గురించి మాట్లాడుతున్నామో తెలియాలి. ఆల్ప్రజోలామ్, క్లోనజెపామ్, డయజెపామ్, జోల్పిడెమ్. వీటిని మనం అసలు పేర్లతో కాక రెస్టిల్, ఆల్‌ప్రాక్స్, లోనాజెప్ వంటి కంపెనీ పేర్లతోనే ఎరుగుదుం. గుర్తుపట్టే పద్ధతి తేలికే. మాత్రల షీటు మీద ఎడమవైపు పైన ఎర్రటి అక్షరాల్లో NRx అని ఉంటే అది 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కిందకు వచ్చే మందు. అంటే మన దేశంలో కూడా ఇది మామూలు మందు కాదు. పైగా వీటిలో ఆల్ప్రజోలామ్, డయజెపామ్, జోల్పిడెమ్ 2014 మార్చి నుంచి హెచ్1 షెడ్యూలులో ఉన్నాయి. ఆ షెడ్యూలు మందులను దుకాణదారు చీటీ చూసి, డాక్టరు పేరు, రోగి పేరు రిజిస్టరులో రాసి అమ్మాలి. ఆ రిజిస్టరును మూడేళ్లు దాచాలి. తెలిసినవాళ్లమని చీటీ లేకుండా పది మాత్రలు కత్తిరించి ఇచ్చే అలవాటు మన ఊళ్లలో ఉన్నదే. అక్కడే చిక్కు మొదలవుతుంది. కత్తిరించిన ముక్క మీద మందు పేరు ఉండకపోవచ్చు, బ్యాచ్ నంబరు ఉండకపోవచ్చు. చేతిలో చీటీ కూడా లేకపోతే, ఆ మాత్ర మనదని చెప్పుకోవడానికి ఆధారమే లేదు.

డాక్టరు రాసిన మందు కదా, ఎక్కడికైనా తీసుకెళ్లవచ్చు అని చాలామంది నమ్మకం. అది సగమే నిజం. 1971లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం, ప్రయాణికులు సొంత వాడకానికి కొద్దిపాటి మందు తీసుకెళ్లడాన్ని దేశాలు అనుమతించవచ్చు. ‘అనుమతించి తీరాలి’ అని అందులో లేదు. 1984లో డయజెపామ్ తరహా మందులను ఈ ఒప్పందం జాబితాలో చేర్చారు. ఎంత తేవచ్చు, ఏ కాగితం చూపాలి, అసలు తేవచ్చా లేదా అన్నది ఏ దేశానికి ఆ దేశమే నిర్ణయించుకుంటుంది. అందుకే ఒకే షీటు ఒక విమానాశ్రయంలో ఎవరికీ పట్టదు, మరొక చోట కేసవుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. రాయగడలో అరవై రెండేళ్ల అమ్మ ఒకరు. రోజూ రాత్రి క్లోనజెపామ్ 0.5 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి వేసుకుంటారు. దోహాలో కొడుకు దగ్గర రెండు నెలలు ఉండాలని హైదరాబాదులో విమానం ఎక్కుతున్నారు. సంచిలో అరవై మాత్రలు. మన దేశ నిబంధనల ప్రకారం వైద్య అవసరానికి ఒక వ్యక్తి దగ్గర ఒకేసారి వంద మాత్రల వరకు ఉండవచ్చు. దీర్ఘకాలం వాడాలని డాక్టరు ప్రత్యేకంగా రాసిస్తే అంతకు మించీ ఉండవచ్చు. కాబట్టి ఇక్కడ ఆమె తప్పేమీ లేదు.

దోహాలో లెక్క మారిపోతుంది. ఖతార్‌లో నిషేధిత మందులివి, తీసుకురాకండి అని అక్కడి భారత రాయబార కార్యాలయం మనవాళ్లను హెచ్చరిస్తూ ఇచ్చిన జాబితాలో క్లోనజెపామ్, ఆల్ప్రజోలామ్, డయజెపామ్, జోల్పిడెమ్ పేర్లు ఉన్నాయి. నొప్పికి వాడే ట్రమడాల్, నరాల నొప్పికి వాడే ప్రీగాబాలిన్ కూడా ఉన్నాయి. మిగతా మామూలు మందులు సైతం చీటీతో ముప్పై రోజులకు మించకుండా తెచ్చుకోవాలన్నది అదే కార్యాలయం సలహా. అంటే ఆ అమ్మ సంచిలో రెండు తప్పులున్నాయి. మందు జాబితాలో ఉంది, పైగా అరవై రోజులకు సరిపడా ఉంది. కస్టమ్స్ వాళ్లు మాత్రలు తీసుకుని వదిలేస్తే అదృష్టం. పక్కన కూర్చోబెట్టి విచారణ మొదలుపెడితే భాష తెలియని ఊళ్లో ఆమె ఏం చెప్పగలరు?

మాత్రలు పోవడం కూడా చిన్న విషయం కాదు. ఏళ్ల తరబడి వేసుకున్న ఈ మందు ఒక్కసారిగా ఆగిపోతే నిద్ర పట్టకపోవడం, వణుకు, కంగారు వస్తాయి. కొందరికి ఫిట్స్ కూడా రావచ్చు. ఫిట్స్ కోసమే క్లోనజెపామ్ వాడేవారికి ఇది మరింత ప్రమాదం. కాబట్టి ‘భయమేసింది, ఇంట్లోనే వదిలేసి వెళ్తాను’ అనుకోవడం పరిష్కారం కాదు.

ప్రయాణానికి కనీసం రెండు నెలల ముందే డాక్టరు దగ్గరకు వెళ్లాలి. మందు తగ్గించవచ్చా, బదులు వేరే మందు ఇవ్వవచ్చా అని అడగాలి. తగ్గించడం వారాల పని, అది డాక్టరు చెప్పినట్లే జరగాలి. ఈలోగా అక్కడున్న కొడుకు ఖతార్ ఆరోగ్య మంత్రిత్వ శాఖను గానీ, రాయబార కార్యాలయాన్ని గానీ మందు అసలు పేరు రాసి అడగాలి. రాతపూర్వకంగా అనుమతి వస్తే ఆ కాగితంతో వెళ్లాలి. రాకపోతే తీసుకెళ్లకూడదు. మందు తప్పనిసరైతే, అక్కడి డాక్టరు ఆ మందు రాసిస్తారో లేదో, దిగిన రోజే చూస్తారో లేదో ముందే తేల్చుకోవాలి. అది కుదరకపోతే ప్రయాణమే వాయిదా వేసుకోవాలి.

అన్ని దేశాలూ ఇంత కఠినం కావు. యూఏఈలో ఇటువంటి మందులకు ప్రయాణానికి ముందే ఆన్‌లైన్‌లో అనుమతి తీసుకునే పద్ధతి ఉంది. విశాఖ నుంచి సింగపూర్ వెళ్లేవారు మందునూ పరిమాణాన్నీ బట్టి అక్కడి ఆరోగ్య శాస్త్రాల సంస్థ అనుమతి కావాలో లేదో చూసుకోవాలి. బ్రిటన్‌లో మూడు నెలల లోపు మందుకు లైసెన్సు అక్కర్లేదు, డాక్టరు ఉత్తరం ఉంటే చాలు. అమెరికాలో అసలు డబ్బాలోనే ఉంచి, అడగకముందే కస్టమ్స్‌కు చెప్పాలి.

ఏ దేశమైనా కాగితాల దగ్గర మనవాళ్లకు ఒక ఇబ్బంది ఉంది. పాస్‌పోర్టులో ఇంటిపేరుతో సహా పూర్తి పేరు ఉంటుంది. చీటీ మీద ‘లక్ష్మి, 62’ అని మాత్రమే ఉంటుంది. ఈ ఇద్దరూ ఒకరేనని విదేశీ అధికారి ఎలా నమ్ముతారు? అందుకే డాక్టరు లెటర్‌హెడ్ మీద, వారి రిజిస్ట్రేషన్ నంబరుతో, స్పష్టమైన ఇంగ్లిషులో టైపు చేయించిన ఉత్తరం తీసుకోవాలి. అందులో పాస్‌పోర్టులో ఉన్నట్లే పేరు, జబ్బు, మందు అసలు పేరు, మోతాదు, ఎన్ని రోజులకు ఎన్ని మాత్రలు అన్నవి ఉండాలి. మందుల బిల్లు కూడా అదే పేరుతో రాయించుకోవాలి. మాత్రలను షీట్లలోనే ఉంచి, చేతి సంచిలో పెట్టుకోవాలి. వారం రోజుల గళ్ల డబ్బాలో పోసుకుంటే ఏది ఏ మందో ఎవరికీ తెలియదు.

చివరగా పొట్లాల సంగతి. ‘మా అబ్బాయికి ఈ మందులు కాస్త అందించండి వదినా’ అంటే కాదనడం మనకు మొహమాటం. కానీ ఇంకొకరి పేరున్న చీటీ మన సంచిలోని మాత్రలకు రక్షణ కాదు. ఎవరి సంచిలో దొరికితే వారే జవాబు చెప్పాలి. ఇతరుల మందులు మోసుకురావద్దని దోహాలోని మన రాయబార కార్యాలయం కూడా చెబుతోంది. ఆ మాట చూపించి కాదనండి, అడిగినవాళ్లు అర్థం చేసుకుంటారు.